20, 40, 80 మెగాహెర్ట్జ్: వైఫై చానెల్ వెడల్పు ఎంత పెట్టుకోవాలి?

రౌటర్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ విభాగం తెరిస్తే Channel Width అనే వరుస కనిపిస్తుంది. దాని పక్కన 20, 40, 80 అనే అంకెలు, చాలా రౌటర్లలో Auto అనే మాట ఉంటాయి. పెద్ద అంకె పెడితే వేగం పెరుగుతుందన్నది నిజమే కాబట్టి ఎక్కువమంది 80 ఎంచుకుని ఆ పేజీ మూసేస్తారు. ఆ వేగం ఏ పరిస్థితిలో చేతికి అందుతుందో, ఏ పరిస్థితిలో 40 మెగాహెర్ట్జ్ చానెల్ 80ని మించిపోతుందో తెలుసుకుంటే ఈ ఎంపిక ఊహ మీద కాకుండా లెక్క మీద చేయవచ్చు. చుట్టూ గోడకు గోడ ఆనుకుని ఇళ్ళున్న అపార్టుమెంటులోనే ఈ ప్రశ్న నిజంగా చిక్కుముడి అవుతుంది కనుక ప్రధానంగా ఆ పరిస్థితినే ఇక్కడ తీసుకుంటున్నాను.

ముందు వెడల్పు వల్ల కలిగే లాభం చూద్దాం. వైఫై తన చానెల్‌ను సన్నని పాయలుగా చీల్చి, ఒక్కో పాయ మీద కొంత డేటాను ఒకేసారి పంపుతుంది. వైఫై 5 ప్రమాణంలో 20 మెగాహెర్ట్జ్ చానెల్‌లో డేటా మోసే పాయలు 52, 40లో 108, 80లో 234. చానెల్ అంచుల్లో ఖాళీగా వదలాల్సిన జాగా వెడల్పు పెరిగినకొద్దీ ఆదా అవుతుంది. అందుకే 80లో పాయలు 20తో పోలిస్తే నాలుగింతలకు కొంచెం మించి ఉంటాయి. రెండు యాంటెనాలున్న మామూలు ఫోను రౌటర్‌కు దగ్గరగా ఉన్నప్పుడు 20లో సెకనుకు 173 మెగాబిట్ల దాకా, 40లో 400 దాకా, 80లో 866 దాకా లింకు వేగం కుదురుతుంది. వైఫై 6 ఫోనులో ఇవే అంకెలు 287, 573, 1201 అవుతాయి. ఇది గాలిలో డేటా ప్యాకెట్ వెళ్ళే వేగం మాత్రమే. వైఫైలో ఒకరు పంపుతుంటే మిగతావారు ఆగాలి, ప్రతి విడతకూ అందినట్టు జవాబు రావాలి, మధ్యలో కొంత విరామం ఉండాలి. ఇవన్నీ పోగా డౌన్‌లోడ్‌లో కనిపించేది దాదాపు అరవై, అరవై అయిదు శాతం. ఇంటికి వచ్చే ఇంటర్నెట్ కనెక్షన్ 200 మెగాబిట్లదైతే, మంచి సిగ్నల్ ఉన్న గదిలో 40 మెగాహెర్ట్జ్ చానెల్ ఒక్కటే దాన్ని పూర్తిగా మోయగలదు. ఆ కనెక్షన్‌కు 80 పెట్టడం వల్ల స్పీడ్ టెస్టులో అదనంగా కనిపించేది ఏమీ ఉండదు. ఇంట్లోనే ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి పెద్ద ఫైళ్ళు పంపుకునేవారికీ, 300 మెగాబిట్లకు మించిన కనెక్షన్ ఉన్నవారికీ మాత్రమే ఆ తేడా తెలుస్తుంది.

ఈ వేగానికి మొదటి మూల్యం దూరంలో చెల్లించాల్సి వస్తుంది. రౌటర్ ప్రసార శక్తి మొత్తంగా చూస్తే ఒక్కటే. చానెల్ వెడల్పు రెట్టింపైతే ఆ శక్తి రెట్టింపు జాగాలో పరుచుకుంటుంది, ఒక్కో పాయకు దక్కేది సగమవుతుంది. ఇదే సంగతిని అవతలి వైపు నుంచి చూస్తే, వినే పరికరం రెట్టింపు జాగాకు చెవి ఒగ్గాలి కనుక అందే మొత్తం సిగ్నల్ అంతే ఉన్నా దాని చెవిన పడే నేపథ్య శబ్దం రెట్టింపవుతుంది. రేడియో లెక్కలో ఇది ప్రతి రెట్టింపుకూ 3 డెసిబెల్‌ల నష్టం, అంటే 20 నుంచి 80కి వెళితే 6 డెసిబెల్‌లు. సిగ్నల్ బలాన్ని డిబిఎంలలో కొలుస్తారు, మైనస్ తర్వాతి అంకె పెద్దదైనకొద్దీ సిగ్నల్ బలహీనమన్నమాట. ప్రమాణం ప్రతి వెడల్పుకూ, ప్రతి వేగానికీ కనీసం ఎంత సిగ్నల్ ఉండాలో నిర్దేశించింది. ఆ అంకెల ప్రకారం, రెండు గోడల అవతల పడకగదిలో సిగ్నల్ మైనస్ 70 డిబిఎం ఉందనుకుంటే, రెండు యాంటెనాల వైఫై 5 ఫోనుకు 80లో 195, 40లో 120, 20లో 87 మెగాబిట్ల లింకు దక్కుతుంది. నాలుగింతల జాగా తీసుకుని రెండుంబావు ఇంతల వేగం మాత్రమే ఇచ్చిందన్నమాట. సిగ్నల్ మైనస్ 77కు పడిపోయే మూలకు వెళితే వరుస తిరగబడుతుంది: 20లో 43 మెగాబిట్లు, 40లో 30, 80లో అయితే ప్రమాణం హామీ ఇచ్చే కనీస గీతే దాటిపోతాం. ఇప్పటి చిప్‌లు ఈ కనీస గీతల కంటే కొన్ని డెసిబెల్‌లు మెరుగ్గానే వింటాయి కాబట్టి ఈ అంకెలు మీ ఇంట్లో అచ్చంగా ఇలాగే కనిపించవు, కానీ మూడు వెడల్పుల మధ్య అంతరం మాత్రం ఇదే తీరులో ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. 80 అని పెట్టినంత మాత్రాన రౌటర్ ప్రతి ప్యాకెట్‌నూ 80లోనే పంపదు. ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దూరంగా ఉన్న ఫోనుకు రౌటర్ తనంతట తానే 40లోనో 20లోనో పంపవచ్చు, తన ఉనికిని చాటే బీకన్‌లను ఎప్పుడూ 20లోనే పంపుతుంది. అందుచేత 80 పెట్టగానే పడకగదిలో కనెక్షన్ తెగిపోతుందన్న భయం అక్కర్లేదు. దూరం వల్ల కలిగే నష్టాన్ని రౌటర్ ఈ విధంగా చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోలేనిది పొరుగు రౌటర్ల జోక్యం, నా దృష్టిలో అసలు నిర్ణయం దాని మీదే ఆధారపడాలి.

80 మెగాహెర్ట్జ్ చానెల్ అంటే నాలుగు 20 మెగాహెర్ట్జ్ చానెళ్ళను పక్కపక్కన కలిపి కట్టిన గుత్తి. 36, 40, 44, 48 కలిసి ఒక గుత్తి. 149, 153, 157, 161 కలిసి మరొకటి. ఆ నాలుగింటిలో ఒకటి ప్రధాన చానెల్, మిగిలినవి అనుబంధ చానెళ్ళు. పంపే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని వినడం, ఖాళీ దొరికాక తన వంతు కోసం లెక్కపెట్టుకోవడం అంతా ప్రధాన చానెల్ మీదే జరుగుతుంది. అనుబంధ చానెళ్ళను రౌటర్ పంపబోయే ముందు కొన్ని మైక్రోసెకన్లపాటు మాత్రమే గమనిస్తుంది. పైగా ఆ గమనింపులో శ్రద్ధ కూడా తక్కువ: ప్రధాన చానెల్ మీద మైనస్ 82 డిబిఎం అంత బలహీనమైన వైఫై సిగ్నల్‌ను కూడా గుర్తించి ఆగాలని నియమం ఉండగా, వైఫై 5లో అనుబంధ చానెల్ మీద మైనస్ 72 దాటితేనే ఆగుతుంది. ఈ పది డెసిబెల్‌ల తేడాలోనే చాలా ఇళ్ళ వైఫై కష్టాలు దాగి ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుని అంకెలతో చూద్దాం. మీ రౌటర్ 36 ప్రధాన చానెల్‌గా 80 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది. పక్కింటివారి రౌటర్ 44 మీద 20 మెగాహెర్ట్జ్‌తో ఉంది, దాని సిగ్నల్ మీ ఇంట్లో మైనస్ 75. సాయంత్రం వేళ వారి ఇంట్లో వీడియోలు నడుస్తూ ఆ రౌటర్ సగం సమయం గాలిలో ఉంటోంది. 44 మీకు అనుబంధ చానెల్, మైనస్ 75 అన్నది మైనస్ 72 కంటే బలహీనం. కనుక అక్కడ ఖాళీగానే ఉందనుకుని మీ రౌటర్ 80 మెగాహెర్ట్జ్ ప్యాకెట్ పంపేస్తుంది. మీ ఫోను దగ్గర మీ సిగ్నల్ మైనస్ 64, అది నాలుగు చానెళ్ళ మీద పరుచుకుంటే ఒక్కోదాని వాటా మైనస్ 70. అంటే గుత్తిలోని మూడు చానెళ్ళ మీద పంపినది శుభ్రంగా అందుతుంది, నాలుగో దాని మీద మాత్రం పక్కింటి సిగ్నల్ మీ సిగ్నల్ కంటే 5 డెసిబెల్‌లే తక్కువగా ఉంటుంది. వేగంగా పంపే ప్యాకెట్ చదవడానికి ఆ తేడా ఏమాత్రం చాలదు. నాలుగింట మూడు వంతులు బాగానే వచ్చాయి కదా, ఆ భాగం వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ వైఫై ఒక ప్యాకెట్‌లోని బిట్లను చానెల్ వెడల్పు అంతటా కలగలిపి పరుస్తుంది కాబట్టి ఒక పావు చెడితే మొత్తం ప్యాకెట్ చెడినట్టే, మళ్ళీ పంపాలి.

అంతరాయం లేనప్పుడు మైనస్ 64 దగ్గర 80లో 390 మెగాబిట్ల లింకు కుదురుతుంది, చేతికి వచ్చేది సుమారు 250. పక్కింటి రౌటర్ మాట్లాడుతున్న సగం సమయంలో పంపినవి పాడైతే అది 125కు పడిపోతుంది. కథ అక్కడితో ఆగదు. ప్యాకెట్లు పోతుండడం చూసి మీ రౌటర్ సిగ్నలే బలహీనమైందని భావించి లింకు వేగాన్ని తగ్గిస్తుంది. ఒక్కో ప్యాకెట్ గాలిలో మరింత సేపు ఉంటుంది, పొరుగు ప్రసారంతో ఢీకొనే అవకాశం మరింత పెరుగుతుంది. ఇలా దిగజారి 100కు అటూ ఇటూ ఊగిసలాడే వేగం మిగులుతుంది. అదే చోట 40 మెగాహెర్ట్జ్ పెడితే మీరు 36, 40 మీదే ఉంటారు, 44తో మీకు సంబంధం ఉండదు. లింకు 180, చేతికి 117 దాకా వస్తుంది, అది నిలకడగా వస్తుంది. ఇవి సుమారు లెక్కలే అయినా దారి ఇదే. వీడియో కాల్‌లో గొంతు తెగిపోవడం, ఆటలో ఒక్క క్షణం బిగుసుకుపోవడం సగటు వేగం తగ్గడం వల్ల కలిగేవి కావు, ఈ ఊగిసలాట వల్ల కలిగేవి. నష్టం ఒకవైపే ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి: మీ 80 మెగాహెర్ట్జ్ ప్యాకెట్లు వారి ప్రసారాన్నీ పాడుచేస్తాయి.

పక్కింటి సిగ్నల్ మైనస్ 72 కంటే బలంగా ఉంటే పరిస్థితి మెరుగు. అప్పుడు మీ రౌటర్‌కు అది వినబడుతుంది, ఆ ప్యాకెట్‌కు మాత్రం తనే 40కి దిగుతుంది. మరీ బలహీనంగా, మైనస్ 90 దగ్గర ఉంటే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మధ్యస్థంగా, మైనస్ 73 నుంచి 82 దాకా ఉన్న పొరుగు సిగ్నల్ మీ అనుబంధ చానెల్ మీద పడినప్పుడే ఎక్కువ చిక్కు. దీని నుంచి ఒక ఆచరణ సూత్రం వస్తుంది. పొరుగు రౌటర్‌తో జాగా పంచుకోక తప్పకపోతే దాని ప్రధాన చానెలే మీకూ ప్రధాన చానెల్ అయ్యేలా పెట్టుకోవాలి, లేదా గుత్తి మొత్తాన్నే వేరుగా పెట్టుకోవాలి. పై ఉదాహరణలో 80నే ఉంచాలని పట్టుదల ఉంటే రౌటర్‌లో చానెల్ 36 బదులు 44 ఎంచుకోవచ్చు. గుత్తి అదే, కానీ ఇద్దరూ ఒకరినొకరు చక్కగా విని వంతులవారీగా మాట్లాడతారు. సగం సగం సమయం పంచుకున్నా ఢీకొనడాలు ఎంతో తగ్గుతాయి.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ విషయంలో ఇంత ఆలోచన అవసరం లేదు, అక్కడ 20 పెట్టండి. ఆ బ్యాండ్ మొత్తం సుమారు 83 మెగాహెర్ట్జ్. ఒకదానిపై ఒకటి పడకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడు చానెళ్ళే. 2009 నాటి వైఫై 4 ప్రమాణం 40కి వీలు కల్పించింది కానీ, చుట్టూ వేరే నెట్‌వర్కులు కనిపిస్తే 20కి దిగాలన్న నియమం కూడా పెట్టింది. చాలా రౌటర్లలో కనిపించే 20/40 MHz అన్న ఎంపిక అదే. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్‌లు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి బలవంతంగా 40 పెట్టడం మీకూ ఇరుగుపొరుగుకూ నష్టమే.

5 గిగాహెర్ట్జ్‌లో జాగా ఎక్కువే అయినా అంతా ఒకే తరహాది కాదు. చాలా దేశాల్లో 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్ళను రాడార్‌లతో పంచుకోవాలి. రౌటర్ ఆ చానెళ్ళలోకి వెళ్ళే ముందు కనీసం ఒక నిమిషంపాటు మౌనంగా వినాలి. పనిచేస్తుండగా రాడార్ కనిపిస్తే పది సెకన్లలో ఖాళీ చేసి, అరగంట దాకా తిరిగి రాకూడదు. అందువల్ల చాలా రౌటర్లు వాటి జోలికి పోకుండా 36 గుత్తిలోనో 149 గుత్తిలోనో కూర్చుంటాయి. అంటే ఒక అపార్టుమెంటులో అందరూ 80 పెట్టుకుంటే అందరికీ కలిపి మిగిలేవి తరచుగా ఆ రెండు గుత్తులే. 40 పెట్టుకుంటే అదే జాగాలో నాలుగు, 20 పెట్టుకుంటే ఎనిమిది దొరుకుతాయి. చుట్టుపక్కల విమానాశ్రయం, వాతావరణ రాడార్ వంటివి లేనప్పుడు 100 నుంచి 112 దాకా ఉన్న గుత్తి చాలాసార్లు ఖాళీగా దొరుకుతుంది, 80 వాడదలచినవారు ముందు దాన్ని ప్రయత్నించాలని నా సలహా. రౌటర్ పునఃప్రారంభమైన ప్రతిసారీ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కు ఒక నిమిషం ఆలస్యంగా కనిపిస్తే అది లోపం కాదు. ఎప్పుడైనా నడి మధ్యలో అదృశ్యమై వేరే చానెల్ మీద తిరిగి వస్తే రాడార్ గుర్తింపు జరిగిందని అనుమానించవచ్చు. అది రోజూ జరిగితే మాత్రం ఆ చానెళ్ళు మీ చోటుకు పనికిరావు.

ఇక మీ ఇంట్లో ఏది నయమో పరీక్షించుకునే విధానం. పరీక్ష చేసినంతసేపూ చానెల్‌ను ఆటోలో ఉంచకూడదు, లేకపోతే రెండు కొలతల మధ్య రౌటర్ చానెల్ మార్చేస్తే పోలికకు అర్థం ఉండదు. పొరుగువారంతా వాడే సాయంత్రం వేళ, మీరు నిజంగా వాడే చోట్లలో అన్నిటికంటే దూరమైన చోట కూర్చుని, ముందు 80తోనూ తర్వాత 40తోనూ ఒకే పని చేయాలి. లినక్స్ ల్యాప్‌టాప్ ఉంటే లింకు స్థితి ఈ కమాండుతో తెలుస్తుంది, వైఫై కార్డు పేరు వేరైతే `wlan0` బదులు అది రాయాలి; రెండో వరుస అది చూపే జవాబులో ఒక భాగం:

```
iw dev wlan0 link
tx bitrate: 390.0 MBit/s VHT-MCS 4 80MHz short GI VHT-NSS 2
```

విండోస్‌లో `netsh wlan show interfaces` లింకు వేగం చెబుతుంది, వెడల్పు చెప్పదు. అయితే రెండు యాంటెనాల వైఫై 5 ల్యాప్‌టాప్‌లో ఆ వేగం 400 దాటితే అది 80 మీద ఉన్నట్టే, ఎందుకంటే 40లో అంతకు మించి కుదరదు. వైఫై 6లో ఆ హద్దు 573.

లింకు వేగాన్ని చూసి మురిసిపోకూడదు, అది ప్రయత్నమే తప్ప ఫలితం కాదు. ఫలితం తెలియాలంటే పెద్ద డౌన్‌లోడ్ ఒకటి నడుస్తుండగా రౌటర్‌కే పింగ్ చేయాలి, ఇంటర్నెట్‌లోని సర్వర్‌కు కాదు; అప్పుడు కనెక్షన్ ఇచ్చే సంస్థ వైపు లోపాలు చాలావరకు ఈ కొలతలో కలవవు. రౌటర్ చిరునామా వేరైతే అది రాసుకోవాలి:

```
ping -c 100 192.168.1.1
iw dev wlan0 station dump
```

విండోస్‌లో `-c` బదులు `-n`. సగటు కంటే గరిష్ఠ సమయాన్ని, పోయిన ప్యాకెట్లను చూడండి. రెండో కమాండు చూపే `tx retries` అంకె `tx packets`తో పోలిస్తే ఎంత వేగంగా పెరుగుతోందో కూడా గమనించండి, ఇది ల్యాప్‌టాప్ నుంచి పైకి పంపేటప్పుడు మళ్ళీ మళ్ళీ పంపాల్సి వచ్చిన ప్యాకెట్ల లెక్క. 80లో లింకు వేగం ఎక్కువ చూపిస్తూ, డౌన్‌లోడ్ మాత్రం 40లో వచ్చినంతే వచ్చి, పింగ్ గరిష్ఠం మాటిమాటికీ వందల మిల్లీసెకన్లకు ఎగబాకుతుంటే పొరుగు జోక్యం ఉందని నిర్ధారించుకోవచ్చు. 80లోనూ 40లోనూ పింగ్ ఒకే తీరుగా ఉండి, డౌన్‌లోడ్ 80లో స్పష్టంగా పెరిగితే 80 ఉంచుకోవడానికి సంకోచం అక్కర్లేదు. రెండిటిలోనూ సమానంగా బాగాలేకపోతే వెడల్పు కారణం కాదు; రౌటర్ పెట్టిన చోటు మార్చాలి.

అపార్టుమెంటులో 40తో మొదలుపెట్టి, పరీక్షలో నెగ్గితేనే 80కి వెళ్ళడం మేలని నా అభిప్రాయం. చుట్టూ ఖాళీ ఉన్న విడి ఇంట్లో దీనికి తిరగవేసి, 80తో మొదలుపెట్టవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో 20 చాలా తక్కువమందికే అవసరం: ఒకే అంతస్తులో పది, పదిహేను రౌటర్లు గట్టిగా వినిపించే చోట, లేదా వేగం కంటే కాల్ తెగకపోవడమే ముఖ్యమైన చోట అది సరైన ఎంపిక. ఆ వెడల్పులో చేతికి వచ్చే 100 మెగాబిట్లు నాలుగైదు వీడియో కాల్‌లకు ధారాళంగా సరిపోతాయి. ఆటో ఎంపికను నమ్మడం మాత్రం కష్టం. ఎక్కువ రౌటర్లు చానెల్‌ను ఆన్ చేసిన క్షణంలో విన్నదాన్ని బట్టి నిర్ణయిస్తాయి, ఉదయం పది గంటలకు ఖాళీగా కనిపించిన గుత్తి రాత్రి తొమ్మిదికి అలా ఉండదు.

ఇంట్లో ఒకటి కంటే ఎక్కువ రౌటర్లు ఉన్నప్పుడు లెక్క కొంచెం మారుతుంది. అవి కేబుల్‌తో కలిసి ఉంటే, ఒకదానికి 36 మీద 40, రెండోదానికి 149 మీద 40 ఇచ్చి ఒకదాని మాట మరొకదానికి అడ్డురాకుండా చేయడం మంచిది. రెండూ ఒకే 80 గుత్తిలో ఉంటే మీ ఇంట్లో మీకు మీరే పొరుగువారవుతారు. కేబుల్ లేకుండా గాలి ద్వారానే కలిసే మెష్ పరికరాలైతే ఆ అవకాశం ఉండదు. చాలా మెష్ సెట్లలో అన్నీ ఒకే చానెల్ మీద ఉండాలి, ప్రతి ప్యాకెట్ రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి. అక్కడ సగానికి తగ్గే వేగాన్ని కొంతైనా తిరిగి రాబట్టేది 80 మెగాహెర్ట్జ్ మాత్రమే కనుక, 100 గుత్తి ఖాళీగా ఉండి, మెష్ పరికరం దాన్ని అనుమతిస్తే, ఆ ఒక్క సందర్భంలో అపార్టుమెంటులో కూడా ముందు 80నే ప్రయత్నించాలి.